మూడు బోర్డులు, ఒకే కుటుంబం: చేరబోయే చిన్న సంస్థ జీతం, పీఎఫ్, నియామక పత్రం లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడం

విజయవాడ ఆటోనగర్‌లోనో, వన్‌టౌన్ బట్టల దుకాణాల్లోనో, గుంటూరు పట్నం బజారులోనో ఉద్యోగానికి వెళ్లేవారు సాధారణంగా అడిగే ప్రశ్నలు రెండే. జీతం ఎంత, పీఎఫ్ ఉందా. మొదటిదానికి ఒక అంకె, రెండోదానికి «చూద్దాంలే అమ్మా» అన్న మాట సమాధానంగా వస్తాయి. ఈ రెండు ప్రశ్నల కంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. నేను ఎవరి దగ్గర ఉద్యోగిని, ఆ పేరు మీద మొత్తం ఎంతమంది పనిచేస్తున్నారు? కుటుంబ వ్యాపారాల్లో చిక్కంతా ఇక్కడే ఉంటుంది. ఎందుకంటే కనీస వేతనానికి మనుషుల సంఖ్యతో పని లేదు, నియామక పత్రం తప్పనిసరి కావడానికి 10 మంది ఉండాలి, పీఎఫ్‌కు 20 మంది ఉండాలి. తండ్రి పేరున ఒక బోర్డు, కొడుకుల పేరున ఒకటి, కోడలి పేరున మరొకటి ఉన్నచోట ఆ 10, ఆ 20 ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్నదే అసలు సమస్య.

చట్టాల స్థితి గురించి ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. 2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో 2019 వేతనాల కోడ్, 1952 నాటి పీఎఫ్ చట్టం స్థానంలో 2020 సామాజిక భద్రత కోడ్ వచ్చాయి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం 10 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థ ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. పాత చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన వేతన రేట్లు, కొత్తవి వచ్చేదాకా, కొత్త కోడ్‌కు విరుద్ధంగా లేనంతవరకు కొనసాగుతాయి. కనుక «పాత చట్టం పోయిందిగా, ఇప్పుడు రేట్లేమీ లేవు» అని ఏ యజమాని అయినా అంటే ఆ మాట నిలవదు.

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. బీకాం చదివి టాలీ నేర్చుకున్న ఒక అమ్మాయికి ఆటోనగర్‌లోని లారీ స్పేర్‌పార్టుల వ్యాపారంలో బిల్లింగ్, అకౌంట్స్ పని దొరికేలా ఉంది. జీతం 16,000 అన్నారు. ఉదయం తొమ్మిదిన్నరకు రావాలి, రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్లవచ్చు, మధ్యాహ్నం గంట భోజన విరామం, ఆదివారం సెలవు. పక్కపక్కనే ఉన్న మూడు దుకాణాలు ఆ కుటుంబానివే. ఒకటి పెద్దాయన పేరున, ఒకటి ఇద్దరు కొడుకుల భాగస్వామ్యంలో, మూడోది పెద్ద కోడలి పేరున నడుస్తున్నాయి. మూడింటిలోనూ కలిపి పాతికమంది దాకా పనిచేస్తున్నారు. «మా దగ్గర పీఎఫ్ ఉందమ్మా, ముందు ఆరు నెలలు నీ పని చూసి పెడతాం» అని పెద్దాయన చెప్పారు.

ఆమె మొదట చేయవలసిన పని బోర్డు మీద, లేదా ఆ దుకాణంలో కొన్న ఏదైనా వస్తువు బిల్లు మీద ఉన్న జీఎస్టీ నంబరును రాసుకోవడం. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి తన జీఎస్టీ నంబరును ద్వారం దగ్గరి నామఫలకం మీద చూపాలని జీఎస్టీ నిబంధనలే చెబుతున్నాయి కాబట్టి దీనికి ఎవరినీ అడగనక్కర్లేదు. 15 అక్షరాల ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ తర్వాతి పది అక్షరాలు యజమాని పాన్ నంబరు. ఆ పాన్‌లో నాలుగో అక్షరం P అయితే యజమాని ఒక వ్యక్తి, F అయితే భాగస్వామ్య సంస్థ, H అయితే హిందూ అవిభక్త కుటుంబం, C అయితే కంపెనీ. రెండు బోర్డుల మీద నంబర్లు వేరైనా మధ్యలోని పది అక్షరాలు ఒకటే అయితే ఆ రెండూ చట్టం దృష్టిలో ఒకే యజమానివి. ఇక వాదనే ఉండదు. మన ఉదాహరణలో మూడు పాన్‌లూ వేరు, రెండింటిలో P, ఒకదానిలో F కనిపించాయి.

services.gst.gov.in లోని Search Taxpayer పేజీలో ఆ నంబర్లు కొడితే ప్రతి దానికీ చట్టబద్ధమైన పేరు, వ్యాపార నామం, చిరునామా, రిజిస్ట్రేషన్ అయిన తేదీ వస్తాయి. ఈ చట్టబద్ధమైన పేరు చాలా అవసరం. బోర్డు మీద «కనకదుర్గ ఆటో స్పేర్స్» అని ఉండవచ్చు కానీ రిజిస్ట్రేషన్ పెద్దాయన ఇంటిపేరుతో ఉండవచ్చు. పైగా విజయవాడలో కనకదుర్గ పేరు, గుంటూరు వైపు వేంకటేశ్వరుడి పేరు పెట్టుకోని వ్యాపారం ఏదో వెతికి పట్టుకోవాలి. పేరొక్కటే పట్టుకుని పీఎఫ్ వెబ్‌సైట్‌లో వెతికితే ఎవరి వివరాలో చూసి మనవనుకునే ప్రమాదం ఉంది. చిరునామా, పిన్ కోడ్ సరిపోల్చుకోకుండా ఏ వివరాన్నీ నమ్మకూడదు.

పేరు తేలాక రెండో అడుగు epfindia.gov.in లోని Establishment Search. దీనికి లాగిన్ అవసరం లేదు, ఎవరైనా చూడవచ్చు. సంస్థ పేరు కొట్టి, బొమ్మలోని అక్షరాలు ఎక్కిస్తే ఆ పేరుతో ఉన్న సంస్థల జాబితా వస్తుంది. సరైనదాన్ని ఎంచుకుని View Payment Details తెరిస్తే ఏ నెల జీతానికి ఎంత మొత్తం, ఏ తేదీన, ఎంతమంది తరఫున కట్టారో నెలవారీగా కనిపిస్తుంది. చిన్న సంస్థ గురించి తెలుసుకోగోరేవారికి ఇంతకంటే నమ్మదగిన బహిరంగ సమాచారం మరొకటి లేదని నా అభిప్రాయం. దుకాణంలో పనిచేసేవారు మొహమాటపడి ఏదో ఒకటి చెప్పవచ్చు గానీ, చెల్లింపు తేదీకి మొహమాటం ఉండదు.

ఆ పట్టికలో మూడు విషయాలు చూడాలి. ఒక నెల జీతంపై పీఎఫ్ మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. నాలుగైదు నెలలవి ఒకేసారి కట్టిన ఆనవాళ్లు ఉంటే ఆ సంస్థ డబ్బు కోసి చేతిలో ఉంచుకుంటోందని అనుమానించవచ్చు. రెండోది, ఉద్యోగుల సంఖ్య దుకాణంలో కంటికి కనిపించే మనుషుల సంఖ్యకు దగ్గరగా ఉందా అన్నది. మూడోది, ఆ సంఖ్య ఏళ్ల తరబడి ఎలా మారింది అన్నది. మన ఉదాహరణలో పెద్దాయన పేరున గానీ కోడలి పేరున గానీ ఏమీ దొరకలేదు. కొడుకుల భాగస్వామ్య సంస్థ దొరికింది. ప్రస్తుతం ఆరుగురికి కడుతున్నారు. వెనక్కి వెళ్లి చూస్తే 2019 మొదటి నెలల్లో 22 మందికి కట్టినట్టు ఉంది, ఆ ఏడాది చివరికి అది ఎనిమిదికి పడిపోయింది. జీఎస్టీ పేజీలో కోడలి దుకాణం రిజిస్ట్రేషన్ తేదీ సరిగ్గా ఆ మధ్యకాలంలోనిదే.

దీని అర్థం ఏమై ఉండవచ్చో జాగ్రత్తగా ఆలోచించాలి. ఒకసారి పీఎఫ్ పరిధిలోకి వచ్చిన సంస్థ, తర్వాత మనుషులు 20 కంటే తగ్గినా, ఆ పరిధిలోనే ఉంటుంది. కనుక «ఇప్పుడు మేం పదకొండుమందిమే, మాకు పీఎఫ్ వర్తించదు» అనడానికి ఆ భాగస్వామ్య సంస్థకు వీలు లేదు. అక్కడ పదకొండుమంది పనిచేస్తుంటే ఆరుగురికే కట్టడానికి కారణం చూపవలసింది వాళ్లే. మిగిలిన అయిదుగురూ 15,000కు మించిన వేతనంతో చేరి, అంతకుముందు ఎన్నడూ పీఎఫ్ సభ్యులు కానివారైతే తప్ప ఆ తేడా సమర్థనీయం కాదు. ఈ 15,000 పరిమితి 2014 సెప్టెంబరు నాటిది. పెంచుతారన్న మాట తరచూ వినిపిస్తోంది కాబట్టి చేరే సమయానికి ఎంత ఉందో చూసుకోవాలి.

ఇక మూడు దుకాణాలనూ ఒకే సంస్థగా లెక్కించవచ్చా అన్నది కఠినమైన ప్రశ్న. ఒక సంస్థకు వేర్వేరు విభాగాలు, శాఖలు ఉంటే అన్నీ కలిపి ఒకటే అన్నది పీఎఫ్ చట్టంలో ఎప్పటి నుంచో ఉన్న సూత్రం. వేర్వేరు పేర్లున్నా యాజమాన్యం, అజమాయిషీ, డబ్బు, సిబ్బంది కలగలిసి ఉంటే వాటిని కలిపి లెక్కించవచ్చని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. అలాగని ఒకే ఇంటివాళ్లు కావడం ఒక్కటే చాలదు. అన్నదమ్ములు నిజంగానే వాటాలు పంచుకుని, వేరే గోడౌన్లు, వేరే బ్యాంకు ఖాతాలు, వేరే మనుషులతో నడుపుకుంటుంటే అవి వేరు సంస్థలే. వారిని మోసగాళ్లుగా చూడడం అన్యాయం. సరుకు ఒకే గోడౌన్ నుంచి వస్తోందా, ఒక దుకాణంలో మనిషి రాకపోతే రెండోదాని నుంచి పంపుతున్నారా, సాయంత్రం మూడు గల్లాల డబ్బూ ఒకేచోట లెక్కపెడుతున్నారా అన్నవి ఇక్కడ గుర్తులు. మన ఉదాహరణలోని అమ్మాయికి మరింత దగ్గరి గుర్తు ఉంది. ఆమెను తీసుకుంటున్నదే టాలీలో మూడు కంపెనీల ఖాతాలూ రాయడానికి. మూడింటి లెక్కలూ ఒకే జీతంతో రాసే ఉద్యోగం ఉండడమే ఆ మూడూ ఎంత కలిసి ఉన్నాయో చెబుతుంది. తుది నిర్ణయం మాత్రం పీఎఫ్ అధికారిదే. ఉద్యోగార్థి చేయగలిగింది ఊహించి జాగ్రత్తపడడమే.

పెద్దాయన అన్న «ఆరు నెలల తర్వాత» అన్న మాట సంగతి కూడా చూడాలి. పీఎఫ్ వర్తించే సంస్థలో, వర్తించే ఉద్యోగికి సభ్యత్వం చేరిన రోజు నుంచే మొదలవుతుంది. ప్రొబేషన్ అన్నా, ట్రైనీ అన్నా తేడా లేదు. అప్రెంటిస్ చట్టం కింద నమోదైన అప్రెంటిస్ విషయం వేరు, కానీ దుకాణంలో ట్రైనీ అని పిలిచినంత మాత్రాన ఎవరూ అప్రెంటిస్ కారు. ఆటోనగర్‌లో ఈ ఆరు నెలల మాట ఎంత మామూలైపోయిందంటే, చెప్పే యజమానుల్లో చాలామందికి అది తప్పన్న సంగతే తెలియదు. దురుద్దేశం అంటగట్టకుండా అడిగితే కొందరు సరిదిద్దుకుంటారు కూడా.

ఇప్పుడు జీతం లెక్కకు వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో కనీస వేతనం అంటే రాష్ట్రమంతటికీ ఒకటే అంకె కాదు. పని రంగాన్ని బట్టి, అందులో హోదాను బట్టి, ఊరు ఏ జోన్‌లో ఉందన్న దాన్ని బట్టి మూల వేతనం నిర్ణయమై ఉంటుంది. దానిపైన ధరల సూచీని బట్టి ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారే కరవు భత్యం కలుస్తుంది. కాబట్టి రెండేళ్ల కిందటి అంకెను ఎవరైనా ఫోన్‌లో చూపిస్తే అది పనికిరాదు. దుకాణాలు, వాణిజ్య సంస్థల పట్టికలో ఆ అర్ధ సంవత్సరానికి గుమాస్తాకు, అకౌంటెంటుకు ఎంత ఉందో labour.ap.gov.in లోని ఉత్తర్వుల్లో చూడవచ్చు. ఆ పట్టిక చదవడం కష్టమనిపిస్తే ఆ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ కార్యాలయంలో నోటిమాటగా అడిగినా చెబుతారు. ఫిర్యాదు చేయడానికి వచ్చానని కాకుండా, రేటు తెలుసుకోవడానికి వచ్చానని చెబితే చాలు.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. పట్టికలోని అంకెను, యజమాని చెప్పిన జీతాన్ని పక్కపక్కన పెట్టి, జీతం ఎక్కువుంటే సరేననుకుంటారు. పని గంటలను లెక్కలోకి తీసుకోరు. లెక్క సులువుగా ఉండడానికి కరవు భత్యంతో కలిపి కనీస వేతనం 13,000 అనుకుందాం. ఇది ఉదాహరణకు వేసుకున్న అంకె మాత్రమే, అసలు అంకెను పట్టిక నుంచి తీసుకోవాలి. 16,000 దానికంటే ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ భోజన విరామం పోను రోజుకు 10 గంటల చొప్పున వారానికి 60 గంటల పని అది. వారానికి 48 గంటలు దాటినది ఓవర్‌టైమ్, దానికి మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి. 13,000ను 26 రోజులతో, 8 గంటలతో భాగిస్తే గంటకు 62 రూపాయల 50 పైసలు, రెట్టింపు 125. వారానికి 12 గంటల చొప్పున నెలకు సగటున 52 గంటలు అదనం, అంటే 6,500. ఆ పని వేళలకు కనీసం రావలసింది 19,500. ఇస్తానన్న 16,000 దానికి 3,500 తక్కువ. కనీస వేతనం కంటే మూడు వేలు ఎక్కువ ఇస్తున్నట్టు కనిపించిన ఉద్యోగం నిజానికి చట్టానికి దిగువన ఉందన్నమాట.

ఇదే 16,000ను ఏయే పేర్లతో విడగొడతారన్నది పీఎఫ్‌ను నిర్ణయిస్తుంది. మూలవేతనం, కరవు భత్యం కలిపి 13,000, ఇంటి అద్దె భత్యం 3,000 అనుకుంటే ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,560. యజమాని తన జేబు నుంచి మరో 1,560 కలపాలి. ఉద్యోగి చేతికి 14,440 వస్తుంది, ఈఎస్ఐ ఉంటే ఇంకొంచెం తగ్గుతుంది. కొన్నిచోట్ల «రెండు వాటాలూ నీ జీతంలోంచే» అంటారు. అప్పుడు చేతికి 12,880 మిగులుతుంది. యజమాని వాటాను ఉద్యోగి జీతం నుంచి కోయడం పీఎఫ్ నిబంధనలకు విరుద్ధం. మూలవేతనాన్ని మరీ తగ్గించి మిగిలినదంతా భత్యాలుగా చూపే అలవాటుకు కొత్త కోడ్‌లు అడ్డుకట్ట వేశాయి. వేతనంలో లెక్కకు రాని భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటినంత మేరా వేతనంగానే పరిగణిస్తారు. దీనికి ఎదురు ఎత్తు కూడా ఒకటుంది. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవారికి మూలవేతనాన్నే 15,500గా చూపితే 15,000 పరిమితి దాటినట్టై పీఎఫ్ తప్పనిసరి కాకుండా పోతుంది. అందువల్ల «మొత్తం ఎంత» అన్న దానితో ఆగకుండా «అందులో బేసిక్, డీఏ ఎంతండీ» అని అడగాలి.

ఈ సంగతులన్నీ కాగితం మీద ఉండవలసిన చోటు నియామక పత్రం. పెద్దాయన «మా ఇంట్లో పిల్లలాంటిదానివి, మనకు కాగితాలెందుకమ్మా» అంటారు. ఆ మాటలో నిజమైన ఆప్యాయత ఉండవచ్చు. దానితో పేచీ పెట్టుకోకుండా, «బ్యాంకులో ఖాతా తెరవడానికి, లోను అడిగితే చూపించడానికి కావాలండీ» అంటే చాలామంది ఇస్తారు. ఆ పత్రంలో హోదా, చేరే తేదీ, జీతం విభజన, పని వేళలు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా మూడు సంస్థల్లో ఏ సంస్థ లెటర్‌హెడ్ మీద ఇస్తున్నారో చూడాలి. పనిచేసేది భాగస్వామ్య సంస్థ దుకాణంలో, పత్రం మాత్రం పీఎఫ్ కోడ్ లేని కోడలి సంస్థ పేరున ఉంటే, పై లెక్కంతా ఎందుకు చేశామో అక్కడ అర్థమవుతుంది. 10 మంది కంటే తక్కువ ఉన్న దుకాణం వృత్తి భద్రత కోడ్ కింద పత్రం ఇవ్వకపోవచ్చు. అలాంటప్పుడు అవే వివరాలను యజమానికి వాట్సాప్‌లో పంపి, «మీరు చెప్పినట్టు ఈ ప్రకారం సోమవారం చేరుతున్నానండీ» అని రాసి, ఆయన సరేనన్న జవాబును దాచుకోవడం మేలు. పే స్లిప్ విషయం వేరు. వేతనాల కోడ్ ప్రకారం దాన్ని చిన్న దుకాణమైనా ఇవ్వాలి. పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ తమ దగ్గర ఉంచమంటే మాత్రం ఇవ్వకూడదు, జిరాక్స్ చాలు. బ్యాంకులో పూర్తి జీతం వేసి, అందులో కొంత నగదుగా వెనక్కి ఇమ్మనే పద్ధతి ఉందేమోనని కూడా పాతవారిని అడిగి తెలుసుకోవాలి. రికార్డులో అంతా సక్రమంగా కనిపించే మోసం అది, ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

పాతవారిని అడిగే తీరులోనూ మెలకువ అవసరం. «ఇక్కడ పీఎఫ్ ఇస్తారా అన్నా» అంటే ఓనరు దాకా వెళుతుందేమోనన్న భయంతో ఇస్తారనే అంటారు. టీ కొట్టు దగ్గర «నెలనెలా ఫోన్‌కు పీఎఫ్ మెసేజ్ వస్తుందా» అని అడిగితే నిజం బయటపడుతుంది. మెసేజ్ వచ్చేవాళ్లు ఎవరో, రానివాళ్లు ఎవరో తెలిస్తే ఆ ఆరుగురూ కుటుంబానికి బంధువులా, పాత గుమాస్తాలా అన్నదీ తెలిసిపోతుంది.

మన ఉదాహరణలోని అమ్మాయి ఇవన్నీ చూశాక చేరనని చెప్పేయవలసిన పని లేదు. భాగస్వామ్య సంస్థ పేరునే పత్రం, మొదటి నెల నుంచే పీఎఫ్, సాయంత్రం ఆరున్నరకు సెలవు అన్న మూడింటినీ ముందుంచి, యజమాని ఏది ఒప్పుకుంటారో చూడవచ్చు. ఆరున్నరకు వదిలితే వారానికి 48 గంటలే అవుతాయి కనుక 16,000 కనీస వేతనానికి పైనే నిలుస్తుంది. పని వేళలు తగ్గవంటే జీతం 19,500కు తక్కువ కాకూడదని అడగవచ్చు. పీఎఫ్ మాట నోటితోనే ఇచ్చి చేర్చుకున్నారనుకుందాం. జూన్ 1న చేరితే జూలై 15 దాటిన తర్వాత అదే Establishment Search తెరిచి జూన్ నెల వరుస చూడాలి. ఎవరూ మానేయకపోతే అక్కడ ఆరు బదులు ఏడు కనిపించాలి.